చల్లదనం లెక్క వేడి వైపే తేలుతుంది

రోహిణి కార్తెలో నెల్లూరు తీరాన మధ్యాహ్నం ఒంటిగంట. మైపాడు, కోడూరు వైపు ఊళ్లలో రేకుల ఇంటి లోపల థర్మామీటరు 38 డిగ్రీల దగ్గర నిలబడి ఉంటుంది. అలాంటి ఇంట్లో వాడుతున్న ఇన్సులిన్ పెన్ను దాచుకోవడానికి ఒక చిన్న పెట్టె ఉందనుకుందాం. అందులో గ్యాసు లేదు, కంప్రెసర్ లేదు. 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే అరచేతి కన్నా చిన్న పలక ఒకటి, రెండు ఫ్యాన్లు పనిచేస్తాయి. తెల్లవారుజామున లోపల చేయి పెడితే చల్లగా తగులుతుంది. మధ్యాహ్నానికి ఆ చల్లదనం పోతుంది. కరెంటు మాత్రం అంతే తాగుతూ ఉంటుంది.

ఇలాంటి పెట్టె కొన్నవాళ్లూ, సొంతంగా చేసుకున్నవాళ్లూ మొదట అనుమానించేది పలకనే. నాసిరకం అంటగట్టారని మరోటి తెస్తారు, లేదా ఒకదాని పక్కన ఇంకోటి పెడతారు. చాలా పెట్టెల్లో తప్పు పలకది కాదు. అది బయటికి తోసిన వేడి ఎక్కడికి పోతోంది అన్నదే అసలు ప్రశ్న. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న వెంటే నడుస్తుంది.

పలక చేసే పని

రెండు వేర్వేరు లోహాల అతుకుల మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే విద్యుత్తు పుడుతుందని 1821లో జర్మనీకి చెందిన సీబెక్ గమనించాడు. 1834లో ఫ్రాన్సులో జాన్ పెల్టియర్ దీన్ని తిరగేసి చూశాడు. అతుకు గుండా కరెంటు పంపితే ఒక పక్క చల్లబడుతుంది, మరో పక్క వేడెక్కుతుంది. నాలుగేళ్ల తర్వాత లెంజ్ బిస్మత్, ఆంటిమొనీ అతుకు మీద నీటిచుక్కను గడ్డకట్టించి చూపాడు. అయినా మామూలు లోహాలతో వచ్చే చల్లదనం చాలా స్వల్పం. 1950లలో బిస్మత్ టెల్యురైడ్ లాంటి అర్ధవాహకాలు వచ్చాకే ఇది పెట్టెల దాకా వచ్చింది.

ఇవాళ బజార్లో విరివిగా దొరికేది TEC1-12706 అనే పలక. నాలుగు సెంటీమీటర్ల చదరం, నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ మందం. రెండు పింగాణీ పొరల మధ్య 127 జతల అర్ధవాహక ముక్కలు పేర్చి ఉంటాయి. పేరులో 127 ఆ జతల సంఖ్య, చివరి 06 దాని గరిష్ఠ కరెంటు, అంటే సుమారు 6 ఆంపియర్లు. దీని వివరాల పత్రంలో 50 వాట్లు, 66 డిగ్రీలు అన్న రెండు అంకెలు కనబడతాయి. చాలామంది నిరాశకు మొదలు ఇక్కడే ఉంది. వేడి ముఖాన్ని 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచితే, రెండు ముఖాల మధ్య తేడా సున్నా అయినప్పుడు అది 50 వాట్లు లాగుతుంది. లాగవలసిన వేడి సున్నా అయినప్పుడు 66 డిగ్రీల తేడా చూపుతుంది. ఈ రెండూ ఒకేసారి దొరికే స్థితి లేదు. పైగా రెండింటికీ షరతు ఒకటే: వేడి ముఖం 25 డిగ్రీల దగ్గరే ఉండాలి. గాలే 38 డిగ్రీలున్న చోట ఆ షరతు మొదటి నిమిషంలోనే తప్పుతుంది.

మూడు పద్దులు

పలక పెట్టెలోంచి నికరంగా ఎంత వేడి లాగుతుందో ఒక్క వరుసలో చెప్పవచ్చు.

```
Qc = S·I·Tc − ½·I²·R − K·(Th − Tc)
```

ఇందులో Tc, Th చల్లని, వేడి ముఖాల ఉష్ణోగ్రతలు, కెల్విన్‌లలో. మొదటి పద్దు ఆదాయం. కరెంటు I పెరిగినకొద్దీ అంతకంత పెరుగుతుంది. రెండోది పలక తన నిరోధం వల్ల తానే పుట్టించుకునే వేడి. అందులో సగం చల్లని వైపుకే వస్తుంది. ఇది కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి కరెంటు రెట్టింపైతే నాలుగింతలవుతుంది. మూడోది వేడి ముఖం నుంచి చల్లని ముఖానికి పలక గుండానే వెనక్కి పారే వేడి. రెండు ముఖాల మధ్య నాలుగు మిల్లీమీటర్ల దూరం కూడా లేదు. ఒక ముఖం 75 డిగ్రీల దగ్గర, మరొకటి 10 డిగ్రీల దగ్గర ఉంటే ఆ వేడి ఊరుకోదు.

ఈ పలకకు ఉజ్జాయింపు విలువలు: S డిగ్రీకి 0.05 వోల్టు, R 2 ఓమ్‌లు, K డిగ్రీకి అర వాట్. ఆ చివరి అంకెను గుర్తుపెట్టుకోవాలి. ముఖాల మధ్య తేడా ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా అర వాట్ వేడి పెట్టె వైపు తిరిగివస్తుంది.

వేడి ముఖం మోయవలసిన బరువు కూడా చూడాలి. పెట్టెలోంచి లాగిన వేడి, దాన్ని లాగడానికి ఖర్చు పెట్టిన కరెంటు, రెండూ కలిసి అటే వస్తాయి. పది వాట్లు లాగడానికి యాభై వాట్లు తాగే పలకకు వేడి వైపు అరవై వాట్లు దించుకోవాలి. చల్లని వైపు పని చిన్నది, వేడి వైపు పని దానికి ఆరింతలు. చాలా పెట్టెల్లో రెండు వైపులా దాదాపు ఒకే సైజు రేకు దిమ్మలు బిగిస్తారు. నిరాశ ఆ బిగింపులోనే మొదలవుతుంది.

ఒకటే పెట్టె, మూడు వేడి వైపులు

ఒక పెట్టెను తీసుకుని లెక్క నడుపుదాం. లోపల ఇరవై సెంటీమీటర్ల ఘనం, అంటే ఎనిమిది లీటర్లు. గోడలు నాలుగు సెంటీమీటర్ల మందం థర్మాకోల్. మూత సందు కూడా కలుపుకుంటే లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు 0.35 వాట్ వేడి లోపలికి చొరబడుతుంది. లోపలి చిన్న ఫ్యాన్ మరో వాట్ వేడి వేస్తుంది. చల్లని వైపు రెక్కల దిమ్మకు వాట్‌కు అర డిగ్రీ నష్టం. బయట గాలి 38 డిగ్రీలు, బ్యాటరీ 12 వోల్టులు. ఇవేవీ మార్చకుండా వేడి వైపు దిమ్మను మాత్రమే మారుస్తాం.

దిమ్మ మంచిచెడ్డలను కొలిచే అంకె ఒకటుంది: ఒక్కో వాట్ మోయడానికి అది గాలి కన్నా ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. దీన్ని ఉష్ణ నిరోధం అంటారు. ఎంత తక్కువైతే అంత మంచిది.

మొదటిది కంప్యూటరు ప్రాసెసర్‌కు వాడే హీట్‌పైపుల కూలర్, పెద్ద ఫ్యాన్‌తో. వాట్‌కు 0.2 డిగ్రీ. లెక్క కడితే వేడి ముఖం 52 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పెట్టె లోపల 3 డిగ్రీలు వస్తాయి. బ్యాటరీ నుంచి 55 వాట్లు ఖర్చు.

రెండోది అరచేతి వెడల్పు అల్యూమినియం దిమ్మ, చిన్న ఫ్యాన్‌తో. వాట్‌కు 0.6 డిగ్రీ. వేడి ముఖం 75 డిగ్రీలకు చేరుతుంది. పెట్టెలో 14 డిగ్రీలు. ఖర్చు 52 వాట్లు.

మూడోది అదే చిన్న దిమ్మ, ఫ్యాన్ నీరసించి, రెక్కల మధ్య దుమ్ము పేరుకున్నాక. వాట్‌కు 1.5 డిగ్రీ. వేడి ముఖం 113 డిగ్రీలు. పెట్టెలో 32 డిగ్రీలు. ఖర్చు 47 వాట్లు.

పలక అదే, థర్మాకోల్ అదే, బ్యాటరీ అదే. ఒక ఏర్పాటులో మందుల ఫ్రిజ్ అయింది, ఇంకోదాంట్లో ఇంటి మూలనున్న మంచినీళ్ల కుండ కన్నా వెచ్చగా ఉంది. వాట్ ఖర్చు పెడితే ఎంత చల్లదనం వచ్చిందో చూస్తే మొదటిదాంట్లో పావు వాట్, మూడోదాంట్లో పదిహేనో వంతు.

ఈ అంకెలను పక్కపక్కన పెడితే ఒక సూత్రం కనబడుతుంది. 52 నుంచి 75కు వేడి ముఖం 23 డిగ్రీలు ఎక్కితే పెట్టె 11 డిగ్రీలు ఎక్కింది. 75 నుంచి 113కు 38 డిగ్రీలు ఎక్కితే పెట్టె 18 డిగ్రీలు ఎక్కింది. ఇలాంటి పెట్టెలో వేడి వైపు రెండు డిగ్రీలు పెరిగితే లోపల దాదాపు ఒక డిగ్రీ పోతుంది. తిప్పి చూస్తే, వేడి వైపు రెండు డిగ్రీలు తగ్గించగలిగితే లోపల ఒక డిగ్రీ చల్లదనం దాదాపు అదనపు కరెంటు లేకుండానే వస్తుంది.

ఇది ఆదర్శ లెక్క. నిజం పెట్టె దీనికన్నా కొన్ని డిగ్రీలు వెనకబడుతుంది. వేడెక్కినకొద్దీ పలక నిరోధం పెరుగుతుంది, అతుకుల దగ్గర నష్టం ఉంటుంది. పైగా నేరుగా ఎండ పడితే ఏ లెక్కా నిలవదు. కొన్ని పెట్టెల మీద బయటి కన్నా 20 డిగ్రీలు తక్కువ అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మినా నెల్లూరు మే నెలలో 18 డిగ్రీలు వస్తాయి, ఫ్రిజ్ చల్లదనం రాదు.

వోల్టేజీ తగ్గిస్తే చల్లబడే పెట్టె

చల్లదనం చాలకపోతే కరెంటు పెంచాలని ఎవరికైనా తోస్తుంది. వేడి వైపు బలహీనంగా ఉన్న పెట్టెలో ఇది పూర్తిగా ఎదురు తిరుగుతుంది.

పైన మూడో ఏర్పాటునే మళ్లీ తీసుకుందాం. 12 వోల్టుల దగ్గర 47 వాట్లు తాగి లోపల 32 డిగ్రీలు చూపింది. ఇప్పుడు వోల్టేజీ 9కి తగ్గిస్తే ఖర్చు 27 వాట్లకు దిగి, లోపల 27 డిగ్రీలవుతుంది. ఇంకా తగ్గించి 6 వోల్టులు ఇస్తే ఖర్చు 12 వాట్లే. లోపల 26 డిగ్రీలు. కరెంటు ఖర్చు నాలుగో వంతుకు పడిపోయింది, పెట్టె ఆరు డిగ్రీలు చల్లబడింది. 12 వోల్టుల దగ్గర పలక లాగిన వేడి కన్నా తనే పుట్టించిన వేడి దిమ్మ మీద పడి, దిమ్మ మోయలేక, వెనక్కి పెట్టెలోకే పారింది. బరువు తగ్గించగానే దిమ్మ ఊపిరి పీల్చుకుంది.

రెండో ఏర్పాటులో సంగతి ఇంత ఘోరం కాదు, అయినా చూడదగ్గది. 12 వోల్టుల దగ్గర 52 వాట్లకు 14 డిగ్రీలు. ఎనిమిదిన్నర వోల్టుల దగ్గర 26 వాట్లకు 15 డిగ్రీలు. ఒక్క డిగ్రీ కోసం బ్యాటరీని రెండింతల వేగంతో ఖాళీ చేస్తున్నాం.

తప్పు ఎక్కడుందో తేల్చే పరీక్ష కూడా ఇందులోనే ఉంది. పెట్టె గంటసేపు నడిచి నిలకడకు వచ్చాక వోల్టేజీని మూడో వంతు తగ్గించి మరో గంట చూడాలి. లోపల చల్లబడితే, లేదా దాదాపు కదలకపోతే, దోషం వేడి వైపుదే. స్పష్టంగా వెచ్చబడితే వేడి వైపు బాగుంది, గోడల మందమో మూత సందో చూసుకోవాలి. వోల్టేజీ మార్చే సాధనం లేనివాళ్లు వేడి దిమ్మ అడుగు ఉష్ణోగ్రత కొలిస్తే చాలు. గాలి కన్నా 15 డిగ్రీల లోపు ఎక్కువుంటే సరే. 35, 40 డిగ్రీలు ఎక్కువుంటే ఆ పెట్టె తన కరెంటుతో తనే పోట్లాడుతోంది.

థర్మోస్టాట్ పెట్టి పలకను పూర్తిగా ఆపుతూ, నడుపుతూ ఉండేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఆగిన పలక మూసిన తలుపులా ఉండదు. దాని గుండా డిగ్రీకి అర వాట్ లోపలికి పారుతుంది. మొత్తం థర్మాకోల్ గోడల గుండా వచ్చేదే 0.35 వాట్. అంటే పలక ఆపిన క్షణం నుంచి పెట్టెలోకి రెండు పెట్టెలంత వేడి చొరబడుతున్నట్లే. ఆపడం కన్నా తక్కువ వోల్టేజీ మీద నిరంతరం నడపడం మేలు.

వేడి దారిలో అడ్డంకులు

మంచి దిమ్మ కొన్నాక కూడా వేడి దాని దాకా చేరకపోవచ్చు. పలక ముఖానికీ దిమ్మకూ మధ్య గాలి పొర మిగిలితే అదే గోడ. థర్మల్ పేస్ట్ ఆ సందులు నింపడానికే. దళసరిగా పూస్తే పేస్టే అడ్డమవుతుంది. పలక నున్నగా తడిసినట్లు కనబడేంత పలచన చాలు. మరలను ఒక్కోదాన్ని ఒకేసారి పూర్తిగా బిగించకుండా ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక వైపే నొక్కితే పింగాణీ పగులుతుంది.

ఆ మరలే మరో దొంగదారి. వేడి దిమ్మనూ చల్లని దిమ్మనూ లావాటి మరలతో నేరుగా కలిపేస్తే వేడి ఆ మరల గుండా వెనక్కి వస్తుంది. సన్నని స్టీలు మరలు, తల కింద నైలాన్ వాషర్లు వాడితే ఇది చాలా తగ్గుతుంది. రెండు దిమ్మల మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందే ఉంటే అక్కడ గాలి కూడా వేడిని దాటిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు చల్లని వైపు రెండు మూడు సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క పెట్టి రెండు దిమ్మలను దూరం చేస్తారు. మధ్య ఖాళీని థర్మాకోల్‌తోనో ఫోమ్‌తోనో నింపుతారు.

తర్వాతిది గాలి. పెట్టెను గోడకు ఆనించి పెట్టినా, అందం కోసం వేడి దిమ్మ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు వేసినా, ఫ్యాన్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గదిలో 38 ఉన్నా దిమ్మకు అందే గాలి 45 డిగ్రీలుంటుంది. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆ ఏడు డిగ్రీల్లో సగం పెట్టెలోకే వస్తాయి. గోడకు జానెడు దూరం జరపడం పైసా ఖర్చు లేని మరమ్మతు.

తీరంలో వీటికి ఉప్పు తోడవుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తడి రెక్కల మీద పట్టి, దుమ్మును అంటించుకుని, అల్యూమినియాన్ని తెల్లని పొడిగా తినేస్తుంది. ఇరుకు రెక్కల దిమ్మ దుకాణంలో బాగా కనబడినా ఇక్కడ త్వరగా పూడుకుపోతుంది. రెక్కల మధ్య ఎడం ఎక్కువున్నదాన్ని తెచ్చి, నెలకోసారి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం మంచిది. చల్లని ముఖం మీద ఈ ఉక్కపోత గాలి ఎప్పుడూ నీరుగా మారుతూనే ఉంటుంది. ఆ తడి పలక లోపలికి చేరితే ముక్కల అతుకులు తుప్పు పడతాయి. పలక నాలుగు అంచులనూ సిలికాన్‌తో మూసినదే తీసుకోవాలి, లేదా మూసుకోవాలి.

కుండ చేయగల సాయం

గాలితో 0.2 డిగ్రీల నిరోధం సాధించాలంటే పెద్ద దిమ్మ, పెద్ద ఫ్యాన్ కావాలి. నీళ్లతో అది తేలిక. వేడి ముఖానికి నీటి దిమ్మ తగిలించి, చిన్న పంపుతో బకెట్‌లోని పది లీటర్ల నీళ్లను తిప్పితే 68 వాట్ల వేడికి నీళ్లు గంటకు ఆరు డిగ్రీలు ఎక్కుతాయి. రెండు మూడు గంటల ప్రయాణానికి ఇది చాలు. రోజంతా నడపాలంటే ఆ వేడి నీళ్లలోంచి బయటికి పోవాలి.

మట్టికుండ ఇక్కడ పనికొస్తుంది. 68 వాట్ల వేడిని మొత్తం ఆవిరిగా పంపాలంటే గంటకు సుమారు 100 మిల్లీలీటర్ల నీరు ఆరితే చాలు. చెమర్చే కుండకు గాలి తగిలే చోటు ఉంటే ఇది అందరాని అంకె కాదు. నెల్లూరు ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం పొడి పడమటి గాలి వీస్తున్నంతసేపూ కుండ బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తిరిగాక తేమ పెరిగి ఆవిరి మందగిస్తుంది. అదృష్టవశాత్తూ అప్పటికి గాలి వేడీ తగ్గుతుంది. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఆ నీటిని నీటి దిమ్మ గుండా తిప్పకూడదు, లోపల పేరుకుపోతుంది. దిమ్మలో మంచినీరు మూసిన గొట్టాల్లో తిరుగుతూ, ఆ గొట్టం రాగి చుట్టగా కుండలో మునిగి ఉండేలా అమర్చుకోవాలి.

శ్రీహరికోట నుంచి వెళ్లిన పలక

ఇదే తీరాన, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న పీఎస్ఎల్వీ సీ30 మీద ఆస్ట్రోశాట్ ఎగిరింది. అందులోని సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపు కెమెరా చిప్‌ను మైనస్ 80 డిగ్రీల ప్రాంతంలో ఉంచాలి. ఆ పని చేసేది పెల్టియర్ జాతి పలకే. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి ఫ్యాన్ ఉపయోగపడదు. అందుకే పలక వేడి వైపును హీట్‌పైపు ద్వారా ఒక రేడియేటర్ ఫలకానికి కలిపారు. ఆ ఫలకం వేడిని చీకటి ఆకాశంలోకి వెదజల్లుతుంది. వేడి వైపే ముందుగా బాగా చల్లబడితే, అక్కడి నుంచి మైనస్ 80కి దిగడం పలకకు తలకు మించిన పని కాదు. మన ఇంటి పెట్టెకూ ఆ ఉపగ్రహానికీ పలక సూత్రం ఒకటే. అక్కడ వేడి వెళ్లే దారిని ముందే గీశారు.

దేనికి పనికొస్తుంది

చేపలకు ఈ పెట్టె పనికిరాదు. కిలో ఐస్ కరిగేటప్పుడు 93 వాట్ అవర్ల వేడి మింగుతుంది. పైన చూసిన పెట్టెను 3 డిగ్రీల దగ్గర ఉంచడానికి గోడల గుండా వచ్చే వేడి 12 వాట్లు. కిలో ఐస్ దాన్ని ఏడు గంటలకు పైగా ఆపుతుంది. అంతసేపు పలక నడవాలంటే 12 వోల్టుల బ్యాటరీలో 35 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. చేపల పెట్టెలో ఐస్ వేసే తీరవాసి లెక్క తప్పు కాదు.

వాడకంలో ఉన్న ఇన్సులిన్ సంగతి వేరు. తెరవని సీసాలకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. తెరిచి వాడుతున్న చాలా రకాలను, వాటి పత్రంలో రాసిన పరిమితిని బట్టి, 25 లేదా 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. గడ్డకడితే మాత్రం ఇన్సులిన్ చెడిపోతుంది. ఐస్‌కు ఆనించి ఉంచడంలో ఆ ప్రమాదం ఉంది. మంచి వేడి వైపు ఉన్న పెట్టెను 12 వోల్టుల మీద నడిపినా అదే ప్రమాదం. మన మొదటి ఏర్పాటులో చల్లని ముఖం మైనస్ 3 డిగ్రీలకు దిగింది, కాబట్టి పెన్ను దానికి తగలకూడదు.

ఈ అవసరానికి 38 డిగ్రీల గదిలో 20, 22 డిగ్రీలు వస్తే చాలు. కూలర్ దిమ్మ మంచిదైతే అది ఆరేడు వాట్లతో, సగం కన్నా తక్కువ వోల్టేజీతో వస్తుంది. పాత కంప్యూటరు నుంచి తీసిన కూలర్ అయినా సరిపోతుంది. రెండో పలక కోసం దాచిన డబ్బుతో ముందు ఆ దిమ్మను తెచ్చుకుని, పెట్టెను గోడకు జానెడు దూరం జరిపి, వోల్టేజీ తగ్గించి, మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ లోపల చేయి పెట్టి చూడాలి.